దరువు మీద కోత: మూడు కెమెరాలతో తీసిన కోలాటాన్ని ఎడిట్ చేయడం ఎలా?



వార్షికోత్సవం రోజు మన స్టేజీ మీద ఎన్ని అంశాలున్నా చివరగా కోలాటం ఉండాల్సిందే. ఉదయగిరి, సీతారామపురం, దుత్తలూరు వైపు నుంచి వచ్చిన పిల్లలకూ, ఆత్మకూరు, మర్రిపాడు, ఏఎస్ పేట వైపు పిల్లలకూ ఊళ్లో చూసి నేర్చుకున్న ఆట అది. దాన్ని చూడాల్సిన తల్లిదండ్రుల్లో చాలామంది ఆ రోజు రాలేరు. కొందరు కూలిపనికి చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటారు. వచ్చినవాళ్లలో కూడా కొందరు చివరి బస్సుకు వెళ్లిపోతారు. వాళ్లు తర్వాత ఫోన్లో చూసే వీడియోనే వాళ్లకు వార్షికోత్సవం. ఆ వీడియోలో తమ బిడ్డ కనబడ్డాడా లేదా అన్నదే వాళ్లు మొదట చూస్తారు.

రెండు మూడు ఫోన్లు, ఒక కెమెరా కలిపి తీసి, దరువుకు తగ్గట్టు కోణం మారుస్తూ ఒకే వీడియోగా చేయడం ఇప్పుడు మన చేతిలో ఉన్న పనే. అయితే ఎక్కడ కోయాలో, ఎక్కడ కోయకూడదో తెలియకపోతే మూడు కెమెరాలతో తీసిన వీడియో ఒక కెమెరాతో తీసిన దానికంటే అధ్వాన్నంగా తయారవుతుంది. మన కోలాటాన్నే ఉదాహరణగా తీసుకుని ఆ పని మొత్తం ఇక్కడ వివరిస్తాను.

ఈ పద్ధతి ఎక్కడిది?

ఒకే ప్రదర్శనను ఒకేసారి అనేక కెమెరాలతో తీయడం పాత పద్ధతే. అమెరికాలో 1951లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ అనే హాస్య ధారావాహికను ప్రేక్షకుల ఎదుట మూడు ఫిల్మ్ కెమెరాలతో తీసి, తర్వాత కూర్చి ఎడిట్ చేశారు. మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’. పిల్లవాడు పల్లవి అందుకోగానే ముఖం, మధ్యలో వయొలిన్ వాయించగానే ఆ వాద్యకారుడి చేయి కనిపిస్తాయి. టీవీ వాళ్లు ఇలాంటి కోతల్ని అక్కడికక్కడే ఒక మీట నొక్కి చేయగలరు. అలాంటి యంత్రం మనకు లేదు కాబట్టి మూడు కెమెరాలనూ ఆపకుండా నడిపించి, కోత పని ఇంటికొచ్చి కంప్యూటర్ మీద చేస్తాం.

కెమెరాలు పెట్టే చోటు

పదహారు మంది కోలాటం అనుకుందాం. బయటి వలయంలో ఎనిమిది మంది, లోపలి వలయంలో ఎనిమిది మంది.

మొదటిది నడుమ కెమెరా. ఇది జనం వెనుక, సరిగ్గా స్టేజీకి ఎదురుగా, స్టాండు మీద ఉండాలి. స్టాండును బెంచీ మీదో బల్ల మీదో ఎక్కించాలి. ఎత్తు నుంచి చూస్తేనే వలయం వలయంలా కనబడుతుంది. నేల మీది నుంచి చూస్తే రెండు వరుసలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఈ కెమెరాను ఆట అయ్యేదాకా ఎవరూ కదపకూడదు, జూమ్ చేయకూడదు. మిగతా రెండిట్లో ఏది చెడిపోయినా మనల్ని ఆదుకునేది ఇదే.

రెండోది ఎడమ కెమెరా, మూడోది కుడి కెమెరా. స్టేజీకి దగ్గరగా, చెరొక మూలన, ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లు నడుము పైదాకా కనిపించేంత దగ్గరగా ఇవి ఉంటాయి. రెండూ జనం వైపే ఉండాలి. కొందరు కొత్తగా ఉంటుందని స్టేజీ వెనకనుంచి కూడా తీస్తారు. ముందునుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి కదిలే పిల్లలు వెనకనుంచి చూస్తే కుడి నుంచి ఎడమకు కదులుతారు. రెండు కోణాలనూ పక్కపక్కన అతికిస్తే వలయం ఉన్నట్టుండి వెనక్కి తిరిగినట్టు అనిపిస్తుంది.

ఫోన్లతో తీసేవాళ్లు ఏరోప్లేన్ మోడ్ పెట్టుకోవాలి. ఆట మధ్యలో ఫోన్ కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగు ఆగిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి కొన్ని ట్యూబులైట్లు, సీరియల్ బల్బుల కింద ఫోన్ వీడియోలో నల్లచారలు పాకుతూ కనిపిస్తాయి. షట్టర్‌ను 1/50 దగ్గర నిలిపితే ఆ చారలు చాలావరకు పోతాయి.

మూడింటినీ ఒకే కాలానికి తేవడం

ఎడిటింగులో మొదటి పని కోయడం కాదు, మూడు రికార్డింగులనూ సరిగ్గా ఒకే క్షణానికి కలపడం. ఇందుకు తేలికైన మార్గం చప్పట్లు. మూడు కెమెరాలూ నడుస్తుండగా ఒకరు స్టేజీ నడుమ నిలబడి, చేతులు పైకెత్తి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాలి. చేతులు తాకిన ఫ్రేమును మూడింటిలోనూ వెతికి ఒకే చోటికి జరిపితే అన్నీ కలిసినట్టే. ఆట అయ్యాక కూడా ఇంకోసారి కొట్టించాలి. ఎందుకంటే ఒక్కో పరికరం గడియారం వెంట్రుకవాసి తేడాతో నడుస్తుంది. మొదట్లో కలిసినవి గంట తర్వాత కొన్ని ఫ్రేములు తప్పిపోవచ్చు. అందుకే కార్యక్రమం మొత్తాన్ని ఒకేసారి కలపకుండా, ఒక్కో అంశానికి విడిగా కలుపుకోవడం మేలు.

ఫోన్‌తో ఇంకో చిక్కు ఉంది. వెలుగును బట్టి, వేడిని బట్టి చాలా ఫోన్లు సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను మార్చుకుంటాయి. మన వీడియో కెమెరా మాత్రం సెకనుకు 25 ఫ్రేములు స్థిరంగా తీస్తుంది. కాబట్టి ఫోన్ ఫైళ్లను ముందుగా స్థిరమైన 25 ఫ్రేములకు మార్చుకోవాలి. ffmpeg అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఒక్క ఆజ్ఞతో ఆ పని అయిపోతుంది.

```
ffmpeg -i phone1.mp4 -r 25 -c:v libx264 -crf 18 -c:a pcm_s16le phone1_25.mov
```

ఇలా మార్చినప్పుడు వేగంగా కదిలే చోట కొద్దిపాటి కుదుపు కనిపించవచ్చు. ఫోన్లోనే 25 ఫ్రేములు పెట్టుకునే వీలుంటే ఆ ఇబ్బంది కూడా ఉండదు.

తర్వాత DaVinci Resolve ఉచిత వెర్షన్‌లో మూడు ఫైళ్లనూ ఎంచుకుని, కుడి క్లిక్ చేసి Create New Multicam Clip Using Selected Clips అనాలి. అక్కడ Angle Sync దగ్గర Sound ఎంచుకుంటే సాఫ్ట్‌వేరే శబ్దాన్ని పోల్చి కలుపుతుంది. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కోలాటానికి మాత్రం ఇక్కడే అసలు తేడా వస్తుంది.

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. నడుమ కెమెరా స్టేజీకి 34 మీటర్ల దూరంలో ఉంటే కోల చప్పుడు దాన్ని చేరడానికి సెకనులో పదో వంతు పడుతుంది. 25 ఫ్రేముల లెక్కన అది రెండున్నర ఫ్రేములు. బొమ్మ మాత్రం వెంటనే చేరుతుంది. సాఫ్ట్‌వేరు శబ్దాలను కలపడం కోసం నడుమ కెమెరా క్లిప్పును రెండున్నర ఫ్రేములు ముందుకు లాగుతుంది. ఫలితంగా దూరపు కోణంలో కోలలు ముందు తాకి, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. మామూలు ఉపన్యాసంలో ఈ తేడా ఎవరికీ తెలియదు. కోలలు తాకే ఆటలో తెలిసిపోతుంది. కాబట్టి శబ్దంతో కలిపాక, నడుమ కెమెరా బొమ్మను రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా వచ్చేటట్టు వెనక్కి జరపాలి. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒకే గుర్తు చాలు. ఏదో ఒక దెబ్బ దగ్గర ఆగి మూడు కోణాలూ చూడండి. కోలలు తాకిన ఫ్రేము మూడింటిలోనూ ఒకటే కావాలి.

శబ్దం మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒకే దానిది వాడాలి. స్టేజీకి దగ్గరున్న కెమెరాదైనా, మైకు సెట్టు వాళ్ల మిక్సర్ నుంచి తీసుకున్నదైనా సరే. బొమ్మ మారినప్పుడల్లా శబ్దం కూడా మారితే పాట ముక్కలైపోతుంది.

దరువును గుర్తు పెట్టడం

సినిమా పాటకు కంప్యూటర్‌తో దరువు లెక్క కట్టి గీతలు గీయవచ్చు, ఎందుకంటే ఆ వేగం మారదు. కోలాటానికి ఆ లెక్క పనికిరాదు. మెల్లగా మొదలై, గురువుగారు ఈల వేసినప్పుడల్లా కోపు మారి, చివరికి వేగం పుంజుకుంటుంది. మొదట నిమిషానికి 90 దెబ్బలున్న పాట చివర 150కి చేరవచ్చు. 90 దగ్గర ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య దాదాపు 17 ఫ్రేములుంటే, 150 దగ్గర 10 మాత్రమే ఉంటాయి. అందుకే చెవితో విని గుర్తు పెట్టుకోవాలి.

పాటను నడిపిస్తూ, ఎనిమిది దెబ్బల ఆవర్తంలో మొదటి దెబ్బ పడినప్పుడల్లా కీబోర్డు మీద M నొక్కండి. టైమ్‌లైను మీద ఒక గుర్తు పడుతుంది. ప్రతి దెబ్బకూ గుర్తు అక్కర్లేదు. ఈల వేసిన చోట ఇంకో రంగు గుర్తు పెట్టండి. పాట తిశ్ర నడకలో ఉంటే ఎనిమిది బదులు ఆరు లెక్కపెట్టుకోవాలి. అలాంటి పాటను ఎనిమిదికి కోస్తే కోత ఒకసారి మొదటి దెబ్బ మీద, ఇంకోసారి మధ్యలో పడి చూసేవాళ్లకు తడబాటుగా ఉంటుంది.

తర్వాత శబ్దం గీతను పెద్దది చేసి చూడండి. కోలలు, పలక మోగిన చోట గీత నిటారుగా లేస్తుంది. దెబ్బ వస్తుందని ముందే ఊహించి నొక్కిన గుర్తులు దాదాపు సరిగ్గానే పడతాయి. విన్నాక నొక్కినవి మాత్రం సెకనులో అయిదో వంతు, అంటే 5 ఫ్రేములు వెనకబడి ఉంటాయి. వాటిని ఆ నిటారు గీత దగ్గరికి జరపాలి.

కోత ఎక్కడ పడాలి?

కోత సరిగ్గా దెబ్బ మీద పడితే, కోలలు దగ్గరికి రావడం ఒక కోణంలోనూ, విడిపోవడం ఇంకో కోణంలోనూ కనిపించి, తాకడం ఎక్కడా కనబడకుండా పోవచ్చు. దెబ్బకు రెండు ఫ్రేముల ముందు కోస్తే కొత్త బొమ్మ వచ్చీ రాగానే కోలలు తాకుతాయి, చప్పుడూ అప్పుడే వస్తుంది. చూసేవాళ్లకు కోత కనబడదు, దెబ్బే కనబడుతుంది. దెబ్బ తర్వాత మూడు నాలుగు ఫ్రేములకు పడిన కోత మాత్రం ఆలస్యమైనట్టు వెంటనే తెలిసిపోతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఎన్నిసార్లు కోయాలన్నది. దరువు మీద కోయడం అంటే ప్రతి దరువు మీదా కోయడం కాదు. ఒకసారి పెళ్లి వీడియోలు చేసే ఒకాయన ఎడిట్ చేసిన కోలాటాన్ని మా ఊరి కోలాటం గురువుగారికి చూపించాం. అందులో రెండు దెబ్బలకొకసారి కోణం మారుతోంది. ఆయన కాసేపు చూసి అన్నమాట ఇది: “అబ్బయా, కోపు ఇంకా సగంలోనే ఉండాది. బొమ్మ మాత్రం నాలుగుసార్లు మారిపాయ. ఎవురు ఎవురితో కోల కలిపినారో నాకే తెలీలా.”

ఆయన చెప్పినదాంట్లోనే సూత్రమంతా ఉంది. ఎనిమిది దెబ్బల్లో ఆటగాడు తన జతతో కోల కలిపి, తిరిగి, పక్కవాడి దగ్గరికి వెళ్తాడు. ఆ ఎనిమిదీ కలిస్తే ఒక వాక్యం. వాక్యం మధ్యలో కోస్తే దరువు కలిసినా అర్థం కలవదు. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ మంచి కోతకు ఆరు కొలతలు చెప్పి, ఒక్కోదానికి ఇంత వంతు అని విలువ కట్టాడు. అందులో భావానికి 51 శాతం, కథకు 23 శాతం ఇచ్చి, లయకు 10 శాతమే ఇచ్చాడు. మన ఆటలో కథ అంటే కోపే.

కాబట్టి మామూలు నియమం ఇది: కోత ఆవర్తం మొదటి దెబ్బ దగ్గరే పడాలి. ఈల పడి కోపు మారినప్పుడు నడుమ కెమెరాకు రావాలి. అప్పుడే వలయం ఎలా విడిపోయి ఎలా కలిసిందో తెలుస్తుంది. కొత్త కోపు కుదురుకున్నాకే పక్క కెమెరాలకు వెళ్లాలి.

నాలుగు నిమిషాల పాట: ఒక లెక్క

ఇప్పుడు ఒక పాటను మొదటినుంచి చివరిదాకా చూద్దాం. మొదటి నిమిషం 90 దెబ్బల వేగం, తర్వాత రెండు నిమిషాలు 120, చివరి నిమిషం 150 అనుకుందాం. మొత్తం 480 దెబ్బలు, అంటే 60 ఆవర్తాలు.

మొదటి నిమిషంలో 11 ఆవర్తాలు వస్తాయి. ఒక్కోటి అయిదు సెకన్ల పైచిలుకు. మొదటి రెండు ఆవర్తాలు నడుమ కెమెరాలోనే ఉంచి, తర్వాత రెండు ఆవర్తాలకొకసారి మారిస్తే సరిపోతుంది. మెల్లగా ఆడుతున్నప్పుడు అంతకంటే తొందరపడితే ఆటగాళ్లు నిదానంగా, ఎడిటరు హడావిడిగా ఉన్నట్టు కనిపిస్తుంది.

మధ్య రెండు నిమిషాల్లో 30 ఆవర్తాలు, ఒక్కోటి సరిగ్గా నాలుగు సెకన్లు. ఇక్కడే అందరినీ చూపించే అవకాశం ఉంది. మొదటి కోపులో బయటి వలయం ఒక్కో ఆవర్తానికి ఒక్కో స్థానం జరుగుతుంది. అంటే ఎడమ కెమెరా ముందుకు నాలుగు సెకన్లకొక కొత్త పిల్లవాడు తనంతట తానే వస్తాడు. కెమెరాను తిప్పాల్సిన పని లేదు. ఎడమ కెమెరాలో రెండు ఆవర్తాలుంటే ఇద్దరు కనబడతారు. తర్వాత ఒక ఆవర్తం నడుమ కెమెరాకు వెళితే, ఆ సమయంలో ఎడమ కెమెరా ముందుకు వచ్చినవాడు తప్పిపోతాడు. కానీ వలయం ముందువైపు నుంచి ఎడమ నుంచి కుడికి తిరుగుతుంటే, వాడే రెండు ఆవర్తాల తర్వాత కుడి కెమెరా ముందుకు వస్తాడు. అక్కడ పట్టుకోవచ్చు. తర్వాతి కోపులో లోపలివాళ్లు బయటికి వస్తారు కాబట్టి మిగిలిన ఎనిమిది మందికీ అదే వరుస.

చివరి నిమిషంలో 18 ఆవర్తాల పైచిలుకు, ఒక్కోటి మూడు సెకన్లు దాటి కొంచెం. ఆవర్తానికొక కోత చాలు. చివరి నాలుగు ఆవర్తాల్లో మాత్రం సగం ఆవర్తానికి, అంటే నాలుగు దెబ్బలకొకసారి మార్చవచ్చు. అంతదాకా దాచుకున్న వేగం అప్పుడు పనికొస్తుంది. ఆఖరి దెబ్బ నడుమ కెమెరాలో పడాలి. పదహారు జతల కోలలు ఒక్కసారిగా ఆగడం అందులోనే కనిపిస్తుంది. ఇలా చేస్తే మొత్తం కోతలు 50కి లోపే ఉంటాయి. ప్రతి రెండు దెబ్బలకూ కోసి ఉంటే 240 అయ్యేవి.

పేర్ల కాగితం

ఎడిట్ అయ్యాక ఒక తెల్లకాగితం మీద పదహారు మంది పేర్లూ రాసుకోండి. వీడియో నడిపిస్తూ, ముఖం గుర్తుపట్టేంత దగ్గరగా ఎవరు కనబడితే వారి పేరు ఎదురుగా ఒక గీత పెట్టండి. కోతలన్నీ దరువు మీదే సరిగ్గా పడిన వీడియోలో కూడా నలుగురి పేర్ల ఎదుట పదేసి గీతలుండి, ఇద్దరు ముగ్గురి ఎదుట ఒక్కటీ లేకపోవడం మామూలే. మంచి బట్టలేసుకున్నవాడి దగ్గర, నవ్వే ముఖం దగ్గర, బాగా ఆడేవాడి దగ్గర ఎడిటరు చేయి తెలియకుండానే ఆగుతుంది. ఇది చెవికి దొరకని తప్పు, లెక్కపెడితేనే బయటపడుతుంది.

గీత లేని పిల్లవాడు దొరికితే, వాడు పక్క కెమెరా ముందుకొచ్చిన ఆవర్తం వెతికి ఆ కోణానికి మార్చండి. కోత మళ్లీ మొదటి దెబ్బ మీదే పడుతుంది కాబట్టి పాట ఏమీ చెడదు. వాడు అడుగు కొంచెం తప్పినా ఫరవాలేదు. నాలుగు సెకన్ల ఆ ముక్క కోసమే ఒక తల్లి వీడియో మొత్తం చూస్తుంది.

ఆఖరుగా ఒక మాట. ఈ వీడియో ఎక్కువమందికి వాట్సాప్‌లోనే చేరుతుంది. అక్కడ ఫైలు బాగా కుదించబడుతుంది. బొమ్మ మారినప్పుడల్లా కొత్త బొమ్మను మొదటినుంచి గీయాల్సి వస్తుంది కాబట్టి, వరుసగా కోతలున్న చోట ముఖాలు గళ్లు గళ్లుగా చెదిరిపోతాయి. పంపేముందు ఒకసారి మీ ఫోనుకే పంపుకుని, చిన్న తెరమీద చూడండి. పేర్ల కాగితం పక్కనే పెట్టుకోండి. ఆ తెరమీద కూడా పదహారు ముఖాలూ గుర్తుపట్టగలిగితే మీ ఎడిటింగ్ పూర్తయినట్టే. అసలు ఫైళ్లను మాత్రం చెరపకుండా హాస్టల్ కంప్యూటర్లోనో పెన్‌డ్రైవులోనో దాచండి. నడుమ కెమెరా ఆపకుండా తీసిన ఆ ఒక్క రికార్డింగు ఉంటే, వచ్చే ఏడాది పిల్లలు దాన్ని చూసి కోపులు మొత్తం నేర్చుకోవచ్చు.

— పూర్వ విద్యార్థి